బీపీకి, కొలెస్ట్రాల్‌కి వెల్లుల్లి: పచ్చి రెబ్బా, క్యాప్సూలా, రెండూ వద్దా?

పచ్చిదా, క్యాప్సూలా అని ఆలోచించే ముందు మీ మందుల చీటీ ఒకసారి తీసి చూడండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్, వార్ఫరిన్, అసినోకౌమరాల్, అపిక్సాబాన్, రివరోక్సాబాన్, డాబిగాట్రాన్. రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చే మందులివి. వీటిలో ఒక్కటున్నా వెల్లుల్లి క్యాప్సూళ్ళు మీకు కావు, పొద్దున్నే మూడు నాలుగు పచ్చి రెబ్బలు తినే అలవాటూ మీకు కాదు. డాక్టరు వివరాలన్నీ తెలిసి సరేనంటే తప్ప మొదలుపెట్టకండి. ఈ మందులేవీ లేనివాళ్ళకే ఎంపిక అనేది ఉంటుంది.

కూరలో, పోపులో, గోంగూర పచ్చట్లో పడే వెల్లుల్లికి ఇదేదీ వర్తించదు. వంటకు వేసుకునేంత ఎవరైనా తినొచ్చు. మందులా అనుకుని రోజూ లెక్కగా తీసుకునే వెల్లుల్లి గురించే ఇక్కడి మాటలన్నీ.

కొలెస్ట్రాల్ కోసమైతే

పచ్చి వెల్లుల్లినీ మాత్రలనూ పక్కపక్కన పెట్టి చూసిన పరీక్ష ఒకటుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో చేశారు, ఫలితాలు 2007లో వచ్చాయి. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 130 నుంచి 190 మధ్య ఉన్న 192 మందిని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు పచ్చి వెల్లుల్లి, ఒకదానికి వెల్లుల్లి పొడి మాత్రలు, ఒకదానికి మాగబెట్టిన వెల్లుల్లి సారం, మిగిలిన గుంపుకు ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. రోజుకు సుమారు 4 గ్రాముల రెబ్బకు సరిపడా మోతాదు, వారానికి ఆరు రోజులు, ఆరు నెలల పాటు. ఏ గుంపులోనూ ఎల్‌డీఎల్ చెప్పుకోదగ్గంతగా కదల్లేదు. పచ్చిది తిన్నవాళ్ళలో సగం మందికి పైగా నోటి వాసన, ఒంటి వాసన మాత్రం మిగిలాయి.

దీనికి కాస్త ఎదురుగా నిలిచే లెక్క 2013లో వచ్చింది. చాలా పరీక్షల ఫలితాలను కలిపి చూస్తే, మొత్తం కొలెస్ట్రాల్ 200 దాటినవాళ్ళు రెండు నెలలకు మించి వాడినప్పుడు మొత్తం కొలెస్ట్రాల్ సుమారు 17, ఎల్‌డీఎల్ సుమారు 9 పాయింట్లు తగ్గాయి. మంచి మాటే, కానీ ఆ 9ని మీ రిపోర్టులో కనిపెట్టడం కష్టం. ఒకే మనిషికి, ఏ మందూ లేకుండానే, ఈ నెల పరీక్షకూ వచ్చే నెల పరీక్షకూ ఎల్‌డీఎల్ అంతమాత్రం అటూ ఇటూ అవుతుంది. సూర్యారావుపేటలో ఒక ల్యాబ్‌లో 158, కొత్తపేటలో ఇంకో ల్యాబ్‌లో 149 వచ్చిందని వెల్లుల్లి పనిచేసిందనుకోవడానికి లేదు.

2022లో మరో పరీక్ష ఈ విషయాన్ని ఇంకాస్త సూటిగా తేల్చింది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో ఒకటైన రోసువాస్టాటిన్ 5 మి.గ్రా., అంటే ఆ మందులో చిన్న మోతాదు, ఒక పక్క. వెల్లుల్లి, చేప నూనె, పసుపు, దాల్చినచెక్క లాంటి మాత్రలు ఇంకో పక్క. 28 రోజుల్లో స్టాటిన్ ఎల్‌డీఎల్‌ను 38 శాతం దాకా తగ్గించింది. మిగతా వాటిలో ఏదీ ఉత్తుత్తి మాత్రను దాటలేదు. వెల్లుల్లి తీసుకున్నవాళ్ళలో ఎల్‌డీఎల్ కొంచెం పెరిగింది కూడా. 28 రోజులు వెల్లుల్లికి చాలవని వాదించొచ్చు, అందులో కొంత న్యాయం ఉంది. ఆరు నెలల పరీక్ష చెప్పింది కూడా అదే కాబట్టి ఆ వాదన ఎక్కువ దూరం పోదు.

అందువల్ల కొలెస్ట్రాల్ ఒక్కటే మీ సమస్య అయితే పచ్చిదీ వద్దు, క్యాప్సూలూ వద్దు. ముఖ్యంగా డాక్టరు రాసిన స్టాటిన్ పక్కన పెట్టి వెల్లుల్లికి మారడం నష్టం బేరం.

బీపీ కోసమైతే

ఇక్కడ వెల్లుల్లికి కొంచెం బలం ఉంది. బీపీ ఎక్కువున్నవాళ్ళ మీద చేసిన పరీక్షలు కలిపి చూస్తే పై అంకె సగటున 8, కింది అంకె 5 పాయింట్ల చొప్పున తగ్గాయి. బీపీ మామూలుగా ఉన్నవాళ్ళలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఈ పరీక్షలు చిన్నవి, ఒక్కొక్కదాంట్లో కొన్ని పదుల మంది మాత్రమే. ఇంకా ముఖ్యంగా, వీటిలో ఎక్కువ భాగం వాడింది మోతాదు కట్టిన పొడి మాత్రలను, మాగబెట్టిన సారాన్ని. పచ్చి రెబ్బలను కాదు. కాబట్టి బీపీకి వెల్లుల్లి పనిచేస్తుందన్న రుజువు మన వంటింట్లో రెబ్బ కంటే సీసాలో మాత్రకే ఎక్కువ చెందుతుంది. వినడానికి నచ్చకపోయినా లెక్క అదే.

ఈ 8 పాయింట్లను ఉప్పుతో పోల్చి చూడండి. రోజుకు నాలుగైదు గ్రాముల ఉప్పు తగ్గిస్తే బీపీ ఉన్నవాళ్ళలో పై అంకె ఇంచుమించు 5 పాయింట్లు తగ్గుతుంది. టీస్పూను తలకొట్టి కొలిస్తే 5 గ్రాములకు పైనే ఉంటుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే రోజంతటి పరిమితి 5 గ్రాములు. వెల్లుల్లి కారం వేడన్నంలో కలుపుకుని, పక్కన ఆవకాయ వేసుకుని, బీపీకి మంచిదని తింటున్నవాళ్ళు గుంటూరులో, బెజవాడలో కొదవ లేరు. ఆ ముద్దలో వెల్లుల్లి చేసే మేలును ఉప్పు తినేస్తుంది.

పచ్చి రెబ్బ తినాలనుకుంటే

వెల్లుల్లి ఘాటుకు మూలమైన అసలు పదార్థం అల్లిసిన్. రెబ్బలో అది ముందే తయారై ఉండదు. అల్లీన్ అనే పదార్థం ఒక అరలో, దాన్ని అల్లిసిన్‌గా మార్చే అల్లినేజ్ అనే ఎంజైమ్ ఇంకో అరలో ఉంటాయి. రెబ్బ నలిగినప్పుడే ఆ రెండూ కలుస్తాయి. ఘాటు వాసన పుట్టేది అప్పుడే. పొట్టు తీసిన రెబ్బను మాత్రలా నీళ్ళతో గుటుక్కున మింగే పద్ధతి మన దగ్గర బాగా ఉంది. నలగని రెబ్బలో ఆ కలయిక జరగదు, తర్వాత పొట్టలోని ఆమ్లం ఎంజైమ్‌ను అణిచేస్తుంది. వాసన రాదని మింగుతారు. వాసన రాలేదంటే అసలు పదార్థమూ తయారవ్వలేదన్నమాట.

సరిగ్గా చేయాలంటే రెబ్బను రోట్లో గానీ చాకు వెడల్పు వైపుతో గానీ చితక్కొట్టి, సన్నగా తరిగి, పది నిమిషాలు గిన్నెలో వదిలేయాలి. ఆ పది నిమిషాలు దాటాకే మజ్జిగన్నంలోనో పప్పన్నంలోనో కలుపుకోవాలి. చితక్కొట్టిన వెంటనే నిమ్మరసం పిండితే పుల్లదనం ఎంజైమ్‌ను మందగింపజేస్తుంది. వేడి నూనెలో గానీ మరిగే నీళ్ళలో గానీ వేస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది. పది నిమిషాలు ఆగి ఆ తర్వాత వండితే కొంత మిగులుతుంది. రెబ్బలు దోరగా వేగే పోపు, రసం రుచి కోసం బాగుంటాయి, మందుగా లెక్కకు రావు.

మోతాదు దగ్గరే పచ్చి వెల్లుల్లి తడబడుతుంది. సాధారణంగా చెప్పే కొలత రోజుకు 4 గ్రాములు. రైతు బజార్లో దొరికే చిన్న రెబ్బల రకంలో ఒక్కోటి గ్రామున్నర దాకా ఉండొచ్చు, పెద్ద రెబ్బల రకంలో ఒక్కటే నాలుగైదు గ్రాములు తూగొచ్చు. అందుకే 'రోజుకు రెండు రెబ్బలు' అన్న సలహాకు అర్థం లేదు. పొట్టు తీసిన పది రెబ్బలు చిన్న కాటా మీద పెట్టి, వచ్చిన బరువును పదితో భాగిస్తే మీ ఇంటి రెబ్బ సగటు తెలుస్తుంది. అయినా ఒక గ్రాము వెల్లుల్లి ఎంత అల్లిసిన్ ఇస్తుందన్నది రకాన్ని బట్టి, నిల్వ ఉన్న కాలాన్ని బట్టి మారిపోతూనే ఉంటుంది. మొలక లేచి మెత్తబడ్డవాటిని పక్కన పెట్టండి.

పరగడుపున తినకండి. గుండెల్లో మంట, వికారం, కడుపు నొప్పి ఎక్కువగా వచ్చేది అప్పుడే. గ్యాస్ట్రైటిస్, అల్సర్ ఉన్నవాళ్ళకు పచ్చి వెల్లుల్లి అసలే పడదు. చితక్కొట్టిన ముద్దను చర్మం మీద కట్టు కడితే కాలిన బొబ్బలు వస్తాయి, మోకాళ్ళ నొప్పులకని ఆ పని చేసేవాళ్ళున్నారు. పచ్చి రెబ్బలను నూనెలో ముంచి వంటింటి గట్టు మీద వారాల తరబడి పెట్టడమూ ప్రమాదమే. గాలి తగలని ఆ నూనెలో బోటులిజం విషాన్ని పుట్టించే సూక్ష్మజీవి పెరగగలదు. వాసనకూ రుచికీ అది తెలియదు.

క్యాప్సూళ్ళలో ఏది ఏది

మెడికల్ షాపులో 'గార్లిక్ క్యాప్సూల్' అని అడిగితే చేతిలో పడేది ఒకే వస్తువు కాదు.

మెత్తటి ముత్యాల్లాంటి నూనె క్యాప్సూళ్ళు అందరికీ తెలిసినవి. వెల్లుల్లి నుంచి తీసిన నూనెను వంట నూనె లాంటి దాంట్లో బాగా పలచన చేసి నింపుతారు. బీపీ పరీక్షల్లో బలం కనిపించింది వీటిలో కాదు. చవకగా దొరుకుతాయని ఇవే ఎక్కువమంది కొంటారు, బీపీ కోసం కొనదగ్గవి మాత్రం కావు.

ఎండబెట్టిన వెల్లుల్లి పొడి మాత్రల్లో అల్లీన్, ఎంజైమ్ రెండూ ఉంటాయి, తడి తగిలాక అల్లిసిన్ తయారవుతుంది. పరీక్షల్లో వాడిన మోతాదు ఎక్కువగా రోజుకు 600 నుంచి 900 మి.గ్రా. పొడి, రెండు మూడు విడతలుగా. ఎంటెరిక్ కోటింగ్ ఉన్నది పొట్ట దాటి పేగులో కరిగేలా చేసింది, ఆమ్లం ఎంజైమ్‌ను పాడుచేయకుండా. అట్ట మీద 'అల్లిసిన్ దిగుబడి' లేదా 'అల్లిసిన్ పొటెన్షియల్' అంకె ఉంటే మంచిది. 600 నుంచి 900 మి.గ్రా.ల మంచి పొడి నుంచి 3.6 నుంచి 5.4 మి.గ్రా. అల్లిసిన్ రావాలి. ఆ అంకె మైక్రోగ్రాముల్లో రాస్తే భారీగా కనిపిస్తుంది: 5000 మైక్రోగ్రాములంటే 5 మి.గ్రా. మాత్రమే. పచ్చి వెల్లుల్లిలో మూడింట రెండు వంతుల దాకా నీరే కాబట్టి 300 మి.గ్రా. పొడి ఒక గ్రాము లోపు రెబ్బకే సమానం. చిన్న మాత్రలో వేల మిల్లీగ్రాముల తాజా వెల్లుల్లి ఉందని రాసి ఉంటే, అది దేన్నుంచి ఎలా తీశారో రాయనంతవరకు ఆ అంకెను పట్టించుకోనక్కర్లేదు.

మూడోది మాగబెట్టిన వెల్లుల్లి సారం. ముక్కలను ఆల్కహాల్ కలిపిన నీళ్ళలో నెలల తరబడి, ఇరవై నెలల దాకా ఊరనిచ్చి తీస్తారు. దీంట్లో అల్లిసిన్ ఉండదు, ఘాటూ ఉండదు. ఎస్-అల్లైల్ సిస్టీన్ అనే పదార్థాన్ని బట్టి దీని మోతాదు కడతారు. కడుపుకు కాస్త సులువు. బీపీ విషయంలో దీని మీద పరీక్షలు బాగానే జరిగాయి. అల్లిసిన్ అంకె లేదని దీన్ని పక్కన పెట్టకండి. అట్ట మీద ఎస్-అల్లైల్ సిస్టీన్ పేరు, దాని మోతాదు ఉన్నాయో లేదో చూడండి.

మందు వేసుకునే కారణం బీపీ అయితే పచ్చి రెబ్బ కంటే ఈ చివరి రెండింటిలో ఒకటి మేలు. రోజూ ఒకే మోతాదు పడుతుంది, ఏమైనా తేడా చేస్తే ఎప్పుడు ఆపారో తెలుస్తుంది. వద్దనుకున్నవాళ్ళకు ఉప్పు తగ్గించే దారి ఎలాగూ ఉంది.

రక్తస్రావం భయం ఎంతవరకు నిజం

ఉన్నదాన్ని ఎక్కువ చేసి చెప్పేవాళ్ళూ ఉన్నారు, అసలేం కాదనేవాళ్ళూ ఉన్నారు. ఉన్న సంగతి ఇది. వెల్లుల్లి నూనె పదార్థాల్లో అజోయీన్ అనేది ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా అడ్డుపడుతుంది. గడ్డ కట్టడంలో మొదటి మెట్టే ఆ అతుక్కోవడం. దెబ్బతిన్న ప్లేట్‌లెట్ మళ్ళీ బాగుపడదు, కొత్తది పుట్టాలి. ప్లేట్‌లెట్ ఆయుష్షు వారం నుంచి పది రోజులు. ఆపరేషన్‌కు కనీసం ఏడు రోజుల ముందే వెల్లుల్లి మాత్రలు ఆపమని మత్తు డాక్టర్లు చెప్పేది ఈ లెక్క మీదే.

మరో వైపు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు 4 గ్రాముల చొప్పున పచ్చి వెల్లుల్లి వారం రోజులు పెట్టి చూస్తే ప్లేట్‌లెట్ల పనిలో తేడా కనబడలేదు. వార్ఫరిన్‌తో పాటు వెల్లుల్లి మాత్రలు ఇచ్చిన పరీక్షల్లోనూ పెద్ద ప్రమాదం తేలలేదు. అయితే విడివిడిగా వైద్య పత్రికల్లో నమోదైన కేసులున్నాయి. 1990లో అచ్చయిన ఒకదాంట్లో, రోజూ నాలుగు రెబ్బల దాకా తినే 87 ఏళ్ళ పెద్దాయనకు వెన్నుపాము చుట్టూ దానంతటదే రక్తం చేరింది. వార్ఫరిన్ వాడుతున్నవాళ్ళు వెల్లుల్లి మాత్రలు మొదలుపెట్టాక రక్తం ఎంత ఆలస్యంగా గడ్డ కడుతుందో చెప్పే ఐఎన్ఆర్ అంకె పెరిగిన కేసులూ రాశారు.

ఒక్కటే తీసుకుంటే అందరికీ ప్రమాదం చిన్నది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడుతూ, పైగా మోకాలి నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకుంటూ, దాని మీద వెల్లుల్లి క్యాప్సూల్ కూడా పెడితే ఒక్కో మందూ కొంచెం కొంచెంగా ఒకే వైపు లాగుతుంది. స్టెంట్ వేయించుకున్నవాళ్ళలో ఈ జోడింపు తరచూ కనిపిస్తుంది. డైక్లోఫెనాక్ డాక్టరు రాసింది కాదు, షాపులో అడిగి తెచ్చుకున్నది. క్యాప్సూల్ గురించి డాక్టరు అడగడు, వీళ్ళు చెప్పరు.

గుండె కవాటం మార్పించుకుని అసినోకౌమరాల్ మీద ఉన్నవాళ్ళు ఇంకాస్త జాగ్రత్త పడాలి. వంటలో వెల్లుల్లి రోజూ ఒకేలా ఉంటే ఫరవాలేదు, దానికి తగ్గట్టే మోతాదు కుదురుతుంది. ఉన్నట్టుండి మందులా మొదలెట్టడమే తప్పు. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఆపేసి వారంలోగా ఐఎన్ఆర్ చూపించుకోండి.

బ్రష్ చేస్తే చిగుళ్ళ నుంచి రక్తం, దెబ్బ తగలకుండానే నల్లబారిన మచ్చలు, గడ్డం గీసుకున్న చిన్న గాటు ఐదు పది నిమిషాలైనా ఆగకపోవడం, ముక్కు నుంచి పదేపదే రక్తం: ఇవి కనిపిస్తే మాత్రలు ఆపి డాక్టరుకు చూపించాలి. తారులా నల్లగా జిగటగా విరేచనమైతే అదే రోజు వెళ్ళాలి. ఐరన్ మాత్రలతోనూ విరేచనం నల్లబడుతుంది, జిగట, దుర్వాసన ఉంటే ఐరన్ అని సరిపెట్టుకోకండి. ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, ఒక చెయ్యీ కాలూ పడిపోవడం, మాట తడబడటం వస్తే 108కి ఫోన్ చేయాలి.

ఒక మనిషికి లెక్క కడితే

గుంటూరు బ్రాడీపేటలో 55 ఏళ్ళ ఒకాయన ఉన్నాడనుకుందాం. బీపీకి టెల్మిసార్టాన్ 40 మి.గ్రా. వాడుతున్నాడు, ఇంట్లో చూసుకున్న బీపీ సగటు 144/90, ఎల్‌డీఎల్ 164. షుగర్ లేదు, గుండె జబ్బు లేదు, రక్తం పలచబడే మందు లేదు. డాక్టరు స్టాటిన్ రాశారు, ఆయనకు మాత్రం వెల్లుల్లితో నడిపేద్దామని ఉంది.

ఎల్‌డీఎల్ వైపు: వెల్లుల్లికి ఉన్న అనుకూలమైన లెక్కే తీసుకున్నా 164 కాస్తా 155 అవుతుంది. రోసువాస్టాటిన్ 5 మి.గ్రా.తో 38 శాతం తగ్గితే ఇంచుమించు 102. ఇక్కడ పోటీ లేదు, స్టాటిన్ వేసుకోవాల్సిందే.

బీపీ వైపు: 144లో 8 తీస్తే 136. ప్రయత్నించదగ్గ తేడా, టెల్మిసార్టాన్ ఆపకుండా. ముందుగా ఏడు రోజులు పొద్దున, సాయంత్రం, ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి కూర్చుని, చేతికి కట్టే మిషన్‌తో రెండేసి సార్లు చూసుకోవాలి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు రాసి పెట్టుకోవాలి. తర్వాత పొడి మాత్ర 300 మి.గ్రా. చొప్పున రోజుకు రెండు, భోజనంతో. పన్నెండు వారాల తర్వాత మళ్ళీ అదే పద్ధతిలో ఏడు రోజులు. ఈ మధ్యలో ఆవకాయ మానేయడం, నడక మొదలుపెట్టడం లాంటి కొత్త మార్పులు చేస్తే ఫలితం దేనిదో చెప్పలేం. అవి ముందే చేసి, బీపీ కుదురుకున్నాక మాత్ర మొదలుపెట్టడం సరైన పద్ధతి. సగటు 5 పాయింట్లయినా తగ్గకపోతే సీసా అయిపోగానే కొనడం ఆపేయాలి. లేచి నిలబడితే కళ్ళు తిరిగినా, పై అంకె 110 కిందికి పోతున్నా పన్నెండు వారాలు ఆగకుండా డాక్టరుకు చెప్పాలి.

ఆరో వారంలో ఆయనకు దవడ పన్ను తీయించాల్సి వచ్చిందనుకోండి. తారీకు ఖాయమైన రోజునే, కనీసం ఏడు రోజుల ముందుగా, వెల్లుల్లి మాత్ర ఆపి, ఆ సంగతి పంటి డాక్టరుకు చెప్పాలి. గాయం మానాక మళ్ళీ మొదలుపెట్టొచ్చు, పన్నెండు వారాల లెక్కను అక్కడి నుంచి కొత్తగా వేసుకోవాలి. పన్ను నొప్పి భరించలేక రేపే తీయించాల్సి వస్తే దాచకుండా చెప్పడం ఒక్కటే చేయాల్సింది. గాయంలో కుట్టు వేయడం, దూది ఎక్కువసేపు నొక్కి ఉంచడం డాక్టరు చూసుకుంటారు.

ఇదే మనిషికి ఆర్నెల్ల క్రితం స్టెంట్ వేసి ఉంటే లెక్క మొత్తం మారిపోతుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మీద ఉంటాడు కాబట్టి మాత్ర ప్రయత్నం మొదలే కాదు. పన్ను తీయించేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు అక్కడ వేరే ఉంది: రక్తం కారుతుందన్న భయంతో క్లోపిడోగ్రెల్‌ను సొంతంగా ఆపడం. ఆపితే స్టెంట్ లోపల గడ్డ కట్టి గుండెపోటు రావచ్చు. ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టరు, పంటి డాక్టరు మాట్లాడుకుని తేల్చాలి, చాలాసార్లు ఆపకుండానే పన్ను తీస్తారు.